నొప్పించకుండా కాదనడం ఎలా?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశంలో మన సభ్యులొకరు నన్నొక ప్రశ్న అడిగారు. "నలుగురిలో ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి జామీను సంతకం పెట్టమంటే ఏం చెప్పాలండీ? కాదంటే వాళ్ళ ముఖం చిన్నబోతుంది, సరేనంటే మన కొంప మునుగుతుంది" అన్నారు. ఆ రోజు టైము లేక జవాబు చెప్పలేకపోయాను. కార్యదర్శిగారు దాని గురించే ఈసారి మాట్లాడమన్నారు. ముప్పై అయిదేళ్ళు గుమాస్తా ఉద్యోగం చేసినవాణ్ణి, ఉపన్యాసకుణ్ణి కాను. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ చెప్పి కూర్చుంటాను.

కాదనడం మన చీరాలకు కొత్తేమీ కాదు. చీరాల, పేరాల కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేస్తే ఆ పన్నుల భారం మాకొద్దన్నారు మన పెద్దలు. 1921లో గాంధీగారి సలహా మీద, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన వేలమంది ఇళ్ళకు తాళాలు వేసి, ఊరి బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఎండా వానా ఓర్చుకున్నారు. ఆ చోటుకు రామనగరమని పేరు పెట్టుకున్నారు. సర్కారునే కాదన్న ఊరు మనది. అయినా పక్కింటాయన వచ్చి "ఒక్క సంతకమే కదండీ" అంటే మనకు నోరు పెగలదు. సర్కారు మర్నాడు పొద్దున్నే పాలకేంద్రం దగ్గర ఎదురుపడదు, పక్కింటాయన ఎదురుపడతాడు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. 1990లో మా ఆఫీసులో నా పక్క సీటు ఆయన ఒక చీటీ పాడుకున్నాడు. యాభై వేల చీటీ, నెలకు వెయ్యి చొప్పున యాభై నెలలు. పాట సొమ్ము ఇవ్వాలంటే ఇద్దరు ప్రభుత్వోద్యోగులు జామీను ఉండాలన్నారు. మధ్యాహ్నం టీ తాగే వేళ, ఆరుగురు ముందు అడిగాడు. నేను "చూద్దాంలే" అన్నాను. నా మనసులో అది కాదనడమే. ఆయన చెవికి మాత్రం అది సరేననడంగా వినిపించింది. రెండు రోజుల తర్వాత కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మీరు ఒప్పుకున్నారు కదా, వాళ్ళకు చెప్పేశాను" అన్నాడు. అప్పుడు కాదంటే మాట తప్పినవాణ్ణవుతాను. సంతకం పెట్టాను.

ఆయన కొన్నాళ్ళు కట్టి ఆపేశాడు. ఇంకా 34 వాయిదాలు, అంటే 34 వేలు బాకీ. కంపెనీ కోర్టుకు వెళ్ళి డిక్రీ తెచ్చుకుంది. 1994లో నా జీతం మీద జప్తు ఉత్తర్వు మా ఆఫీసుకే వచ్చింది. ఇతరుల ఉత్తర్వులు రిజిస్టరులో ఎక్కించిన చేత్తోనే నాదీ ఎక్కించుకున్నాను. ఆనాటి సివిల్ ప్రొసీజర్ కోడు ప్రకారం కోర్టు లెక్కకు వచ్చే జీతంలో మొదటి 400 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు వదిలేసి, ఒక వంతు పట్టాలి. నాది 3,400. అందులోంచి 400 తీస్తే 3,000. దానిలో మూడో వంతు, నెలకు 1,000. ఒకే డిక్రీ కింద ఇరవై నాలుగు నెలలు పట్టాక ఇక జీతం ముట్టుకోకూడదని అదే కోడులో ఉంది. ఆ ఇరవై నాలుగు నెలలూ పూర్తిగా పట్టారు. మొత్తం 24 వేలు. మిగిలింది రెండో జామీనుదారు జీతంలో పట్టారు. మా ఆవిడ అమ్మాయి పెళ్ళికని దాచిన పోస్టాఫీసు పుస్తకం ఆ రెండేళ్ళలో ఖాళీ అయింది. దాని గురించి ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. అననందుకే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేను పోగొట్టుకున్నది జామీను వల్ల కాదు, "చూద్దాంలే" అన్న ఒక్క మాట వల్ల. ఈ మాట సంగతి గుమాస్తాలమైన మనకు బాగా తెలియాలి. ఫైలు మీద "పరిశీలనలో ఉన్నది" అని రాస్తే అర్జీదారు ఇంటికెళ్ళి పని అయినట్టే అనుకుంటాడు. మళ్ళీ వస్తాడు, మళ్ళీ వస్తాడు, మూడో నెలలో "అప్పుడే కుదరదని చెబితే ఇంకో దారి చూసుకునేవాణ్ణి కదయ్యా" అంటాడు. ఆ మాటలో న్యాయముంది. నాన్చడం వల్ల అడిగినవాడికి జరిగే నష్టం కాదనడం వల్ల జరిగే నష్టం కంటే ఎక్కువ. వాడి టైము పోతుంది, మనమీద నమ్మకం పోతుంది.

మన తెలుగులో కాదనే మాటలు చాలా ఉన్నాయి. ఏది ఎక్కడ వాడాలో చూడాలి. "చేయను" అంటే ఇష్టం లేదని, మొరటుగా వినిపిస్తుంది. "చేయలేను" అంటే శక్తి లేదని, మెత్తగా ఉంటుంది. కానీ ఎందుకు లేదో చెప్పమంటారు. "కుదరదు" అంటే పరిస్థితి కలిసిరాలేదని, తప్పు ఎవరి మీదా లేదు. పెళ్ళిళ్ళకు, ప్రయాణాలకు ఇది చాలా మంచి మాట. డబ్బు విషయంలో మాత్రం పనికిరాదు. "ఎప్పుడు కుదురుతుంది?" అనే ప్రశ్న దాని వెనకే వస్తుంది. "ఈసారికి", "ఇప్పట్లో" అనే మాటలు ఇంకా ప్రమాదం. అవి తలుపు గడియ తీసి ఉంచడమే. అంచేత జామీను సంగతిలో నేను వాడే వాక్యం ఇది: "జామీను సంతకం నేను ఎవరికీ పెట్టను." ఇందులో "ఎవరికీ" అన్నదే అసలు మాట. ఆ మాటతో మొరటుతనం పోతుంది, ఎందుకంటే అడిగినవాణ్ణి కాదనడం లేదు, ఆ పనినే కాదంటున్నాం. అయితే ఒక షరతు ఉంది. ఎవరికీ పెట్టనని చెప్పినవాడు నిజంగానే ఎవరికీ పెట్టకూడదు. రేపు ఇంకొకరికి పెడితే ఈ వాక్యం శాశ్వతంగా చెడిపోతుంది. మన ఊరు చిన్నది, కబురు సాయంత్రానికి చేరుతుంది.

రెండేళ్ళ కిందట జరిగిన సంగతి చెబుతాను. బంధువులింట్లో పెళ్ళి. భోజనాల పంక్తిలో కూర్చున్నాం. మా దూరపు చెల్లెలి కొడుకు, నాకు మేనల్లుడి వరుస, వడ్డన చేస్తూ నా దగ్గర ఆగాడు. జాండ్రపేట వైపు చిన్న బట్టల కొట్టు నడుపుతాడు. ఎనిమిది మంది వింటుండగా, "మావయ్యా, కొట్టు మీద బ్యాంకులో నాలుగు లక్షలు తీసుకుందామనుకుంటున్నాను. నువ్వు జామీను ఉంటావని అమ్మకు చెప్పాను" అన్నాడు.

ఇటువంటప్పుడు నలుగురి ముందూ ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. నేనన్నది మూడు ముక్కలు. "నన్ను అనుకున్నావు, సంతోషం నాయనా. జామీను సంతకం మాత్రం నేను ఎవరికీ పెట్టను. రేపు సాయంత్రం కాగితాలు తీసుకుని ఇంటికి రా, ఇద్దరం కూర్చుని చూద్దాం." మొదటి ముక్క వాడి మర్యాద కోసం. రెండోది జవాబు. మూడోది నేను నిజంగా చేయగలిగిన పని. ఈ మూడో ముక్కలో జాగ్రత్త అవసరం. చేయగలిగిందే చెప్పాలి, రోజూ వేళా చెప్పాలి. "ఇంకేదైనా సాయం కావాలంటే అడుగు" అంటే అది ఖాళీ మాట, వినేవాడికి వెంటనే తెలిసిపోతుంది. చేయగలిగింది ఏమీ లేకపోతే మూడో ముక్క వదిలేసి మొదటి రెండింటితో ఆగాలి.

పక్కనున్న బంధువొకాయన ఊరుకోలేదు. "బావా, నీ పెన్షన్‌ను ఎవరూ జప్తు చేయలేరు. నీకు పోయేదేముంది?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను రెండో ముక్కే మళ్ళీ అన్నాను: "ఎవరికీ పెట్టను బావా." కొత్త కారణం చెప్పలేదు. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. "బి.పి. ఉంది" అంటే "సంతకానికి బి.పి. ఎందుకు?" అంటారు. "అబ్బాయి ఒప్పుకోడు" అంటే వెంటనే అబ్బాయికి ఫోను చేస్తారు. "నా దగ్గర ఆస్తి లేదు" అంటే ఇల్లు ఎవరిదని అడుగుతారు. ఒక్కో కారణం వాళ్ళ చేతికి ఒక్కో పిడి. పైగా అబద్ధం కలిసిన కారణం ఏదో ఒక రోజు బయటపడుతుంది. కాదనడం కంటే ఆ అబద్ధమే వాళ్ళను ఎక్కువ నొప్పిస్తుంది. ఎదుటివాడు బాకీ కట్టగలడా లేడా అనే చర్చ నలుగురిలో అసలే పనికిరాదు. అది వాడి పరువు సంగతి.

ఆ బంధువు మాటకు జవాబు ఇక్కడ మీకు చెబుతాను. పెన్షన్‌ను కోర్టు జప్తు చేయరాదన్నది నిజమే, సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షన్‌లోనే ఉంది. కానీ మన పేరున ఉన్న స్థలం, పొలం, కొట్టు గది వంటివాటికి ఆ రక్షణ లేదు. కోర్టు చుట్టూ తిరిగే కాళ్ళకూ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీను ఉన్నవాడికీ అంతే. ముందు అసలువాడి మీదకు వెళ్ళి, అక్కడ వసూలు కాకపోతేనే మన దగ్గరకు రావాలని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ లేదు. ఎవరి దగ్గర వసూలు సులభమో వాళ్ళ దగ్గరకే ముందు వస్తారు. పారిపోని వాళ్ళం, అడ్రసు మారని వాళ్ళం మనమే కదా! ఇంకొక సంగతి, ఆ అప్పు వాయిదా తప్పితే మన పేరున ఉండే క్రెడిట్ రిపోర్టులో కూడా ఎక్కుతుంది. రేపు మన ఇంటి మరమ్మతుకు మనం అప్పు అడిగితే అది అడ్డుపడుతుంది.

మర్నాడు సాయంత్రం మేనల్లుడు వచ్చాడు. ముఖం ముడుచుకునే ఉన్నాడు. కాగితాలు ముందేసుకున్నాం. నేను అడిగిన మొదటి ప్రశ్న: "జామీను కావాలని బ్యాంకువాళ్ళు అన్నారా, నువ్వే అనుకున్నావా?" కాసేపు ఆలోచించి, స్నేహితుడొకడు చెప్పాడన్నాడు. వాడు ఇంకా బ్యాంకు గడపే ఎక్కలేదు. 2015లో మొదలైన ముద్రా పథకం కింద చిన్న వ్యాపారాలకిచ్చే అప్పులకు ఆస్తి తనఖా అక్కర్లేదు. మూడో మనిషి హామీ లేకుండా ఇచ్చే అప్పులకు బ్యాంకుకు భరోసా ఇచ్చే గ్యారంటీ ఏర్పాటు ప్రభుత్వమే చేసింది. అదేం ఊరికే వచ్చే డబ్బు కాదు. కొట్టు లెక్కలు చూస్తారు, బ్యాంకు ఖాతాలో వచ్చీ పోయే సొమ్ము చూస్తారు, నచ్చకపోతే ఇవ్వరు. వాడికి కావలసింది నా సంతకం కాదు, ఏడాది అమ్మకాల లెక్క. మూడు సాయంత్రాలు కూర్చుని చిత్తు పుస్తకంలో ఉన్నదంతా శుభ్రంగా తిరగరాయించాను. దరఖాస్తు నా చేత్తో రాశాను. మన ఉద్యోగ విద్య అదే కదా!

బ్యాంకు నాలుగు లక్షలు ఇవ్వలేదు, రెండున్నర ఇచ్చింది. వాడి కొట్టుకు అంతే తూగుతుందని లెక్క చూస్తే నాకూ అనిపించింది. మా చెల్లెలు మాత్రం కొన్ని నెలలు నాతో మాట్లాడలేదు. కాదంటే ఎవరూ నొచ్చుకోరని నేను మీకు చెప్పను. నొచ్చుకుంటారు. సంక్రాంతికి అరిసెలు పంపింది. మనిషి రాలేదు, డబ్బా వచ్చింది. ఆ పై ఏడాది మనిషే వచ్చింది. సంతకం పెట్టి, బాకీ తేలక, కోర్టు దాకా పోయి ఉంటే అరిసెల డబ్బా కూడా వచ్చేది కాదు. నా పక్క సీటు ఆయన ఆ తర్వాత మళ్ళీ నాకు కనపడలేదు. డబ్బుతో పాటు ఆ స్నేహం కూడా పోయింది.

ఇక ఆహ్వానాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మన వయసులో ప్రతి పెళ్ళికీ, ప్రతి సభకూ వెళ్ళలేం. శుభలేఖ అందాక ఊరుకోవడం, లేదా "వీలుంటే వస్తాం" అనడం మనకు అలవాటు. పెళ్ళివారికి అది ఇబ్బంది. వాళ్ళు విస్తళ్ళ లెక్క వంటవాళ్ళకు రెండు రోజుల ముందే చెప్పాలి. రాలేమని ముందుగా చెప్పడం కూడా ఒక మర్యాదే. పూర్వం టెలిగ్రాముకు మాటకింత అని కట్టేవాళ్ళం కనుక క్లుప్తత దానంతటదే వచ్చేది. 2013 జులైలో టెలిగ్రాము ఆగిపోయింది, దానితో ఆ క్లుప్తతా పోయింది. ఇప్పుడు రాలేకపోవడానికి కారణాలు పేజీలకొద్దీ రాస్తున్నాం. మోకాళ్ళ నొప్పి, డాక్టరు పేరు, మందుల చీటీ, అన్నీ శుభకార్యం ఉత్తరంలో! నేను కార్డు మీద ఇంతే రాస్తాను:

"శుభలేఖ అందింది. చాలా సంతోషం. పెళ్ళికి రాలేకపోతున్నాము. వధూవరులకు మా ఇద్దరి ఆశీస్సులు."

నాలుగు వాక్యాలు. "రాలేము" అని కాకుండా "రాలేకపోతున్నాము" అంటే రావాలని ఉందన్న భావం అందులోనే వస్తుంది, వేరే చెప్పనక్కరలేదు. వయసులో పెద్దవారికి రాసేటప్పుడు ఆశీస్సులకు బదులు నమస్కారములు అని మార్చుకోవాలి. సభకు అధ్యక్షత వహించమనో, మాట్లాడమనో పిలిస్తే జవాబు ఆ రోజే ఇవ్వాలి. వాళ్ళు కరపత్రం అచ్చుకు ఇచ్చేస్తారు. పేరు అచ్చయ్యాక కాదంటే అది కాదనడం కాదు, ఎగ్గొట్టడం.

అన్నిటికీ ఒకటే మంత్రం లేదు. ఆస్పత్రి ఖర్చు వంటి ఆపదలో అడిగినవాడికి ఈ వాక్యాలు అప్పజెప్పకూడదు. అక్కడ నేను చేసేది వేరు. తిరిగి రాకపోయినా ఇంట్లో పొయ్యి వెలిగేంత మొత్తం చూసుకుని, దాన్ని చేతిలో పెట్టి, అప్పని అనకుండా ఇచ్చేస్తాను. సంతకమైతే ఎంత పోతుందో మనకు తెలియదు. చేతిలో పెట్టిన సొమ్ము లెక్క తెలుసు. అలాగే కన్నబిడ్డల చదువుకో, ఇంటికో తప్పనిసరిగా సంతకం పెట్టవలసి వస్తే మూడు పనులు చేయండి. నా బాధ్యత ఇంత మొత్తం వరకే అని కాగితంలో రాయించండి, చట్టం దానికి ఒప్పుకుంటుంది. ఖాళీలున్న కాగితం మీద గానీ, ఖాళీ చెక్కు మీద గానీ సంతకం చేయకండి. సంతకం చేసిన ప్రతి కాగితానికీ నకలు అడిగి ఇంట్లో పెట్టుకుని, అది ఎక్కడుందో మీ ఇంటావిడకో, ఇంటాయనకో చెప్పండి. మనం పోయాక నోటీసు వస్తే తెరిచి చదవవలసింది వాళ్ళే.

చివరిగా ఒక మనవి. నాకు ప్రశ్న వేసిన సభ్యులు మొన్న కనపడి, "మీరు చెప్పబోయేది సరేగానీ, నేను ఇప్పటికే చూద్దామన్నాను, ఇప్పుడెలా?" అన్నారు. కాగితాలు ఇంకా రాలేదు కదా అని అడిగాను. రాలేదన్నారు. అయితే ఈ రాత్రే వెళ్ళండి అన్నాను. ఫోను వద్దు, ఎవరినీ వెంట తీసుకెళ్ళవద్దు. "ఆ రోజు చూద్దామన్నాను, అది నా తప్పు. జామీను నేను ఎవరికీ పెట్టను. ఇంకొకరిని చూసుకోవడానికి నీకు వ్యవధి ఉండాలని ఇప్పుడే చెబుతున్నాను" అని చెప్పి, కాఫీ ఇస్తే తాగి రండి అన్నాను. ఆయన వెళ్ళారు. కాఫీ ఇచ్చారట. చక్కెర తక్కువైందట, అంతే.